వాడకుండా వదిలేసిన సిమ్ నంబరు వేరేవాళ్ల చేతికి వెళ్లేలోపు ఏం చేయాలి

మొబైల్ నంబరు మనం కొనుక్కున్న ఆస్తి కాదు. ప్రభుత్వం టెలికాం కంపెనీలకు కేటాయిస్తుంది, వాళ్లు మనకి వాడుకోవడానికి ఇస్తారు. వాడకం ఆగిపోతే కొంతకాలం చూసి వెనక్కి తీసుకుంటారు, ఇంకొంతకాలం ఖాళీగా ఉంచి మరొకరికి ఇస్తారు. ఇందులో తప్పేమీ లేదు, పది అంకెల నంబర్లు అనంతంగా ఉండవు కదా. చిక్కంతా వేరే చోట ఉంది. టెలికాం కంపెనీ తన పుస్తకంలో మీ పేరు కొట్టేస్తుంది కానీ మీ బ్యాంకు, ఈమెయిల్, ఆధార్, షాపింగ్ యాప్‌ల పుస్తకాల్లో ఆ నంబరు పక్కన మీ పేరు అలాగే ఉండిపోతుంది. కొత్తగా సిమ్ తీసుకున్న మనిషి ఫోన్‌కి మీ ఓటీపీలు వెళ్లేది అందుకే.

ఈ వ్యాసం భారతదేశంలోని ప్రీపెయిడ్ నంబర్ల గురించి. ముఖ్యంగా ఒకప్పుడు బ్యాంకుకి ఇచ్చి, తర్వాత పక్కన పెట్టేసిన రెండో సిమ్ గురించి.

ముందు గడువు లెక్క వేసుకోండి

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం, ప్రీపెయిడ్ నంబరు కనీసం 90 రోజులు వరసగా వాడకం లేకుండా ఉంటేనే కంపెనీ దాన్ని డీయాక్టివేట్ చేయాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ‘వాడకం’ అంటే ఏమిటన్న దగ్గరే. కాల్ చేసినా, వచ్చిన కాల్ మాట్లాడినా, ఎస్సెమ్మెస్ పంపినా, ఆ సిమ్ మీద డేటా వాడినా, డబ్బు కట్టి తీసుకునే అదనపు సేవలు వాడినా వాడకమే. ఎస్సెమ్మెస్ రావడం మాత్రం ఈ జాబితాలో లేదు. బ్యాంకు ఓటీపీల కోసమే ఉంచుకున్న సిమ్‌కి రోజుకి నాలుగు మెసేజీలు వచ్చినా, నిబంధన లెక్కలో అది ఖాళీగా పడున్నట్టే.

రెండో పొరపాటు వాట్సాప్ విషయంలో జరుగుతుంది. ఆ నంబరుతో వాట్సాప్ రోజూ నడుస్తోంది కాబట్టి నంబరు బతికే ఉందనుకుంటారు. వాట్సాప్ వైఫై మీదో, ఫోన్‌లో ఉన్న మొదటి సిమ్ డేటా మీదో నడుస్తుంటే రెండో సిమ్ మీద వాడకం నమోదు కాదు. రెండు సిమ్‌ల ఫోన్లలో డేటా ఎప్పుడూ ఒకే సిమ్‌కి పెట్టి ఉంటుంది. సెట్టింగ్స్‌లో అది ఏ సిమ్‌కి ఉందో ఒకసారి చూడండి.

ఇక 20 రూపాయల సంగతి. మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, 90 రోజులు దాటినా నంబరు తీసేయకూడదు. కంపెనీ ఆ 20 తీసుకుని మరో 30 రోజులు ఉంచాలి, బ్యాలెన్స్ ఉన్నంతవరకూ ఇలాగే పొడిగిస్తూ పోవాలి. 2025 జనవరిలో ఇది కొత్త నిబంధనంటూ తెగ తిరిగింది. నిజానికి అది 2013 నుంచీ ఉన్నదే. అయితే అన్‌లిమిటెడ్ ప్యాక్ వేయించుకున్న డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లోకి రాదు. వందలు పెట్టి రీచార్జ్ చేస్తున్నా మెయిన్ బ్యాలెన్స్ సున్నా ఉండొచ్చు. విడిగా టాపప్ వేస్తేనే అది పెరుగుతుంది. పైగా ఈ 20 రూపాయలు నంబరు మీ పేరున నిలబెడతాయి తప్ప కాల్స్, మెసేజీలు పనిచేసేలా చేయవు. వాటికి చెల్లుబాటులో ఉన్న ప్లాన్ కావాల్సిందే.

లెక్క వేసి చూద్దాం. సిమ్ మీద చివరి కాల్ మార్చి 1న మాట్లాడారు, మెయిన్ బ్యాలెన్స్ సున్నా. మే 30కి 90 రోజులు పూర్తవుతాయి, అక్కడినుంచి కంపెనీ నంబరు ఆపేయొచ్చు. ఆపిన తర్వాత 15 రోజుల గడువుంటుంది, అంటే జూన్ 14 దాకా. ఈలోపు కంపెనీ స్టోర్‌కి గుర్తింపు కార్డుతో వెళ్లి డబ్బు కడితే అదే నంబరు తిరిగి మొదలవుతుంది. అది కూడా దాటితే మీ హక్కు పోయినట్టే. ఆపేసిన నంబరుని కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదని నియమం, కాబట్టి త్వరగా చూసుకున్నా ఆగస్టు 28కి ముందు కొత్తవాళ్ల చేతికి వెళ్లదు. అంటే చివరి కాల్ నుంచి సుమారు ఆరు నెలలు. అదే సిమ్‌లో 45 రూపాయల బ్యాలెన్స్ ఉండి ఉంటే రెండుసార్లు ఇరవై చొప్పున పోయి మరో 60 రోజులు దొరికేవి. ఆపేసే తేదీ మే 30 కాక జూలై 29 అయ్యేది.

పోస్ట్‌పెయిడ్‌లో కథ వేరు, అక్కడ బిల్లు కట్టకపోవడమే కారణమవుతుంది. చాలాకాలం వాడనని తెలిస్తే ‘సేఫ్ కస్టడీ’లో పెట్టమని కంపెనీని అడగొచ్చు.

పోర్ట్ చేసుకున్న నంబరైతే ఇంకో మెలిక ఉంది. శాశ్వతంగా రద్దయిన నంబరు మీరు చివర్లో వాడిన కంపెనీ దగ్గర ఉండదు, మొదట ఆ నంబరు వరసని కేటాయించుకున్న కంపెనీకే తిరిగి వెళ్లిపోతుంది. చివరి కంపెనీ స్టోర్‌లో ఎంత బతిమాలినా వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

కొత్త మనిషి చేతిలో సిమ్ పడితే ఏమవుతుంది

అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో రెండు టెలికాం కంపెనీలు కొత్తవాళ్లకి ఇవ్వడానికి సిద్ధంగా పెట్టిన 259 నంబర్లు తీసి చూశారు. 171 నంబర్లకి పాత యజమానుల ఆన్‌లైన్ ఖాతాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. మన దగ్గర ప్రతి చిన్న పనికీ ఓటీపీయే తాళం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అందరూ భయపడేది బ్యాంకు గురించి. యూపీఐ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ భయం ఎంతవరకు నిజమో అర్థమవుతుంది. యాప్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది, దాన్నిబట్టి నంబరుకి జోడించిన ఖాతాలు వెతుకుతారు. బ్యాంకు రికార్డులో ఇంకా ఆ పాత నంబరే ఉంటే, కొత్త మనిషి తన బ్యాంకు అనుకుని మీ బ్యాంకు పేరు నొక్కినా మీ ఖాతా చివరి అంకెలు కనిపిస్తాయి. డబ్బు కదలాలంటే మాత్రం యూపీఐ పిన్ కావాలి. కొత్త పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కావాలి. లేదా ఆధార్ దారి ఉంది: ఆధార్ మొదటి ఆరు అంకెలు, దానితోపాటు ఆధార్‌కి జోడించిన నంబరుకి వచ్చే ఓటీపీ. ఇప్పుడు ఈ రెండో దారి చూడండి. బ్యాంకులోనూ ఆధార్‌లోనూ అదే పాత నంబరు ఉంటే, ఓటీపీలన్నీ కొత్త మనిషికే వస్తాయి. ఖాతాకి కాపలాగా మిగిలేది మీ ఆధార్ మొదటి ఆరు అంకెలు మాత్రమే. హోటళ్లలో, జిరాక్సు షాపుల్లో మనం వదిలేసి వచ్చే ఆధార్ కాపీల మీద ఉండేవి ఇవే. అందుకే ఆధార్, బ్యాంకు రెండింటిలోనూ పాత నంబరు ఉన్నవాళ్లు ముందు జాగ్రత్త పడాలి.

డబ్బు కంటే తేలిగ్గా బయటపడేది సమాచారం. ఓటీపీ ఒక్కటే అడిగి లోపలికి రానిచ్చే యాప్‌లు బోలెడు: షాపింగ్, ట్యాక్సీ, ఫుడ్ డెలివరీ. కొత్త మనిషి ఏ దురుద్దేశమూ లేకుండా తన కోసం యాప్ వేసుకున్నా, తెరవగానే మీ ఇంటి చిరునామా, పాత ఆర్డర్లు, వాలెట్‌లో మిగిలిన డబ్బు కళ్లముందుంటాయి. ఈమెయిల్ సంగతి అన్నిటికంటే పెద్దది. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు వాడే నంబరుగా పాత నంబరు ఉంటే, దాంతో ఈమెయిల్ తెరుచుకోవచ్చు, ఈమెయిల్‌తో మిగతావన్నీ తెరుచుకోవచ్చు.

నియంత్రణ సంస్థలు ఊరికే కూర్చోలేదు. శాశ్వతంగా రద్దయిన నంబర్ల జాబితా ఒకటి తయారవుతుంది, దాన్ని ఎంఎన్ఆర్ఎల్ అంటారు. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆ జాబితాతో తమ ఖాతాదారుల నంబర్లు సరిచూసుకోమని బ్యాంకులకు చెప్పింది. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ అదే ఏడాది మార్చిలో, కనీసం వారానికొకసారి ఈ సరిచూపు జరగాలని బ్యాంకులకూ యాప్‌లకూ ఆదేశించింది. మంచిదే. కానీ ఇది బ్యాంకింగ్ వరకే. మీ షాపింగ్ యాప్, ఈమెయిల్ ఆ జాబితా చూడాలని ఎవరూ శాసించలేదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకి ఇదే సమస్య వస్తే, పాత నంబరు మీద ఉన్న వాట్సాప్ ఖాతా తొలగించుకోవడం, డేటా చెరిపేసుకోవడం వాడకందారు చూసుకోవలసిన పనేనంది.

సిమ్ ఇంకా పనిచేస్తుంటే: జాబితా రాసుకోండి

సిమ్ బతికి ఉండగా మార్చుకోవడం చాలావరకు ఇంట్లో కూర్చుని అయ్యే పని, ఎందుకంటే పాత నంబరుకి వచ్చే ఓటీపీతో కొత్త నంబరు చేర్చేయొచ్చు. అది పోయాక ప్రతిదానికీ శాఖల చుట్టూ తిరగాలి. ప్లాన్ అయిపోయి ఉంటే ఈ పని కోసమే ఒక నెల రీచార్జ్ చేయండి. వృథా ఖర్చు కాదు.

ఎక్కడెక్కడ ఆ నంబరు ఇచ్చారో గుర్తు చేసుకుంటూ కూర్చుంటే సగం మర్చిపోతారు. పాత సిమ్ ఉన్న ఫోన్‌లో మెసేజీలు తెరవండి. 2025 మే నుంచి కంపెనీల మెసేజీలకు పంపినవారి పేరు చివర ఒక అక్షరం వస్తోంది: `-T` అంటే లావాదేవీ, `-S` అంటే సేవ, `-G` అంటే ప్రభుత్వం, `-P` అంటే ప్రకటన. చివరిది వదిలేసి మిగతా మూడింటితో ముగిసే పేర్లన్నీ కాగితం మీద రాసుకుంటే, మీ నంబరు ఎవరి దగ్గరుందో జాబితా తయారైనట్టే. అంతకంటే పాత మెసేజీల్లో ఆ అక్షరం ఉండదు, అక్కడ OTP అని వెతకండి. ఏడాదికొకసారి మాత్రమే మెసేజీ పంపేవి తప్పిపోతుంటాయి: ఇన్సూరెన్సు, పీఎఫ్, ఆదాయపు పన్ను, బండి ఆర్సీ. ఆర్సీలో పాత నంబరు ఉంటే చలానా పడ్డ సంగతి కూడా మీకు తెలియదు.

మార్చే క్రమం

ఆధార్‌తో మొదలుపెట్టండి, ఎక్కువ రోజులు పట్టేది అదే. myaadhaar.uidai.gov.in లో Check Aadhaar Validity నొక్కి మీ ఆధార్ నంబరు ఇస్తే, ఇప్పుడు జోడించి ఉన్న మొబైల్ చివరి మూడు అంకెలు చూపిస్తుంది. పాత నంబరైతే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. వేలిముద్రతో అయిపోతుంది, మొబైల్ మార్పుకి వేరే పత్రాలు అడగరు, పాత సిమ్ కూడా అక్కర్లేదు. ఇచ్చిన రసీదు దాచుకోండి, మార్పు నమోదయిందో లేదో దాని మీది నంబరుతోనే చూసుకోవాలి.

అది నడుస్తుండగా బ్యాంకు పని చూడండి. కొన్ని బ్యాంకులు నెట్ బ్యాంకింగ్‌లో, కొన్ని ఏటీఎంలో, కొన్ని శాఖలో మాత్రమే మారుస్తాయి. ఇక్కడ జరిగే పొరపాటేమిటంటే, రోజూ వాడే ఖాతాలో మార్చి ఊరుకోవడం. ఒకే బ్యాంకులో మీకు రెండు కస్టమర్ ఐడీలు ఉండొచ్చు: ఎప్పుడో తెరిచిన జీతం ఖాతా ఒకటి, తర్వాత తీసుకున్న లోన్ ఒకటి. నంబరు ఒక్కో ఐడీకి విడిగా ఉంటుంది. శాఖలో అడిగితే మీ పాన్ మీద ఎన్ని ఐడీలున్నాయో చూసి చెబుతారు. క్రెడిట్ కార్డు, డీమ్యాట్, ఫాస్టాగ్ కూడా విడివిడిగానే మార్చాలి. నంబరు మారాక పాత నంబరుతో ఉన్న యూపీఐ యాప్ లోపలికి వెళ్లి ఖాతాని తీసేసి, యాప్ ప్రొఫైల్‌నే డీరిజిస్టర్ చేయండి. యాప్ ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు.

తర్వాత ఈమెయిల్. జీమెయిల్ అయితే myaccount.google.com లో సెక్యూరిటీ విభాగంలో రికవరీ ఫోన్, రెండు దశల ధృవీకరణ రెండూ చూడాలి. ఒకచోట మార్చినంత మాత్రాన రెండోచోట దానంతట అది మారదు. మిగతా యాప్‌లని జాబితా చూసుకుంటూ చేయండి. వాడని వాటిని మార్చే శ్రమ ఎందుకు, ఖాతానే తొలగించేయండి.

వాట్సాప్ చివరికి పెట్టండి, అది తేలిక. Settings, Account, Change number అన్న వరసలో వెళ్లి పాత నంబరు, కొత్త నంబరు ఇస్తే గ్రూపులతో సహా ఖాతా మారిపోతుంది. సిమ్ చచ్చిపోయినా, ఫోన్‌లో ఆ నంబరుతో వాట్సాప్ ఇంకా తెరిచి ఉంటే ఇది చేయొచ్చు.

ఈ పని వాయిదా వేసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. 45 రోజులు వాడకుండా ఉన్న ఖాతాని కొత్త ఫోన్‌లో తెరిస్తే వాట్సాప్ పాత ప్రొఫైల్ వివరాలు చెరిపేస్తుంది. మీరేమో సిమ్ పోయాక కూడా రోజూ వాడుతూనే ఉన్నారు కాబట్టి ఆ రక్షణ మీకు వర్తించదు. కొత్త మనిషి రిజిస్టర్ చేసుకున్న క్షణాన మీ ఫోన్‌లో ఖాతా మూసుకుపోతుంది, మీ గ్రూపుల్లోకి వచ్చే కొత్త సందేశాలు అతనికి వెళ్తాయి. పాత చాట్‌లు మాత్రం మీ ఫోన్‌లో, మీ బ్యాకప్‌లోనే ఉంటాయి, అవి అతనికి కనిపించవు. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి ఉంటే అతను ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. ఆ తర్వాత అది కూడా అడ్డు కాదు.

నంబరు వదులుకోవద్దనుకుంటే

నెలకొకసారి ఆ సిమ్ నుంచి ఒక కాల్ చేసి ఒక ఎస్సెమ్మెస్ పంపండి. ఫోన్ క్యాలెండర్‌లో ప్లాన్ ముగిసే తేదీకి వారం ముందు గుర్తు పెట్టుకోండి. డేటా అక్కర్లేదనుకుంటే కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ప్యాక్ మాత్రమే అడగండి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇలాంటి ప్యాక్ తప్పనిసరిగా ఉంచాలని కంపెనీలకు చెప్పింది, ప్యాక్ కాలపరిమితి 365 రోజుల దాకా పెట్టే వీలూ ఇచ్చింది. యాప్‌లో ఇవి కిందెక్కడో ఉంటాయి, కాస్త వెతకాలి. మెయిన్ బ్యాలెన్స్‌లో ఎప్పుడూ వంద రూపాయల దాకా ఉంచితే, రీచార్జ్ మర్చిపోయినా నంబరుకి అయిదు నెలల ఊపిరి ఉంటుంది.

ఇప్పటికే పోయిందేమో అనుమానం ఉంటే

sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఉన్న మొబైల్ కనెక్షన్లు చూసే సదుపాయం ఉంది. ఇప్పుడు వాడుతున్న నంబరుతో లోపలికి వెళ్తే మీ పేరు మీది నంబర్లు, కొన్ని అంకెలు దాచి, చూపిస్తుంది. పాత నంబరు అందులో లేకపోతే అది మీది కానట్టే. వేరే ఫోన్ నుంచి కాల్ చేసి చూడండి. నంబరు ఉనికిలో లేదని వినిపిస్తే ఇంకా ఎవరికీ ఇవ్వలేదనుకోవచ్చు, రింగ్ అయి కొత్త గొంతు వినిపిస్తే పని తొందరగా కానివ్వాలి.

ఆ కొత్త మనిషిని ఓటీపీ చెప్పమని మాత్రం అడగకండి. ఓటీపీ అడిగే అపరిచితుడు మోసగాడని ఇప్పుడు అందరికీ తెలుసు, అతను మీ నంబరు బ్లాక్ చేయడం ఖాయం. చేయాల్సింది బ్యాంకు శాఖకి ఆధార్, పాన్‌లతో వెళ్లడం. అక్కడ రెండు విషయాలు విడివిడిగా రాసివ్వండి: మొబైల్ నంబరు మార్చమని ఒకటి, పాత నంబరు మీద ఉన్న యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ రద్దు చేయమని ఇంకొకటి. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గరుండాలి. తర్వాత గొడవ వస్తే తేదీ తెలియజేసే ఆధారం అదే. శాఖ మూసి ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి యూపీఐ, డెబిట్ కార్డు తాత్కాలికంగా ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి.

పాత నంబరుకి యూపీఐలో డబ్బు పంపే అలవాటున్న బంధువులకి కూడా చెప్పండి. పంపే ముందు తెర మీద వచ్చే పేరు మీదో కాదో చూసుకోమనండి.

మీరే అలాంటి నంబరు తీసుకుంటే

కొత్త సిమ్ వేయగానే ఎవరిదో ఈఎంఐ బాకీ మెసేజీలు, ఎవరి పేరో పెట్టి పలకరించే కాల్స్ వస్తే మీకు దక్కింది పాత నంబరే. వారంపాటు ఏయే సంస్థల మెసేజీలు వస్తున్నాయో గమనించండి. చాలా వస్తుంటే, బ్యాంకుకి ఇవ్వకముందే స్టోర్‌లో వేరే నంబరు అడగడం నయం. వేరొకరి ఖాతా తెరుచుకుంటే లోపల చూడకుండా లాగౌట్ చేయండి. వచ్చిన ఓటీపీతో వేరొకరి ఖాతాలోకి వెళ్లడం, చేతిలో సిమ్ మీదే అయినా, నేరమే. బ్యాంకు మెసేజీలు ఆగకపోతే ఆ బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఈ నంబరు ఇప్పుడు మీదని చెప్పి తీసేయమనండి. అప్పు వసూలు చేసేవాళ్లు ఫోన్ చేస్తే నంబరు చేతులు మారిందని చెప్పండి, మీ పేరూ చిరునామా మాత్రం వాళ్లకి ఇవ్వకండి. ఏదైనా యాప్‌లో ఈ నంబరుతో ఖాతా ఇప్పటికే ఉందని వచ్చి మీరు చేరలేకపోతే, ఓటీపీతో దూరిపోకుండా ఆ యాప్ సహాయ విభాగానికి రాసి, పాత ఖాతా నుంచి నంబరు వేరు చేయించుకుని, ఆ తర్వాత కొత్తగా చేరండి.